గ్రీన్‌కార్డు వచ్చిన అక్కకు మనం పంపాల్సిన మాట: మన తెలుగు కుటుంబాల గ్రూపుకు బహిరంగ లేఖ

గ్రూపు నిర్వాహకులకు, సభ్యులందరికీ నమస్కారం.

డల్లాస్‌కు ఉత్తరాన ఈ కాలనీలో పదకొండేళ్ళుగా ఉంటున్నవాణ్ణి. ఎవరికైనా గ్రీన్‌కార్డు వస్తే మన గ్రూపులో మాట్లాడే తీరు గురించి ఆగస్టులో నిర్వాహకులకు రెండుసార్లు రాశాను. ఒకసారి "చూద్దాం అండీ" అన్నారు, రెండోసారి అదీ లేదు. మన గ్రూపు మంచి గ్రూపే. ఎవరింట్లో కాన్పు అయినా పది రోజులు క్యారేజీలు ఆగవు. పొగడ్త ఇంతటితో చాలిస్తాను, ఎందుకంటే ఈసారి చెప్పాల్సింది కొంచెం చేదుగా ఉంటుంది.

మన గుడివాడ అక్కకు అక్టోబరులో గ్రీన్‌కార్డు వచ్చింది. పేరు రాయను, అందరికీ తెలుసు. తెల్లవారుజామున ఫోన్ చూస్తే "Case Was Approved" అని ఉందట. ఆ మాట మనకు చెప్పడానికి ఆవిడకు పదహారు రోజులు పట్టింది. అదీ తను చెప్పలేదు. ఇండియన్ స్టోర్లో గోంగూర కట్టలు ఏరుకుంటూ బావగారు నాతో నోరుజారారు. "మీ అక్క చెప్పొద్దంది, గ్రూపులో అందరూ వెయిటింగులో ఉన్నారు, బాధపడతారని" అన్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత వచ్చిన శుభవార్తను మనకు భయపడి దాచుకున్నారన్నమాట. నాకు ఆ గోంగూర ముందు నిలబడి సిగ్గేసింది.

ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. పోయిన ఏడాది ఇంకో కుటుంబానికి కార్డు వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. మొదటి రెండు అభినందనల తర్వాత "మీది ఏ డేట్?" అని ఒకరు. "మా తర్వాత వచ్చినవాళ్ళకి కూడా అయిపోతున్నాయి" అని ఒకరు. "లక్కు ఉండాలి సార్" అని ఇంకొకరు. మధ్యలో లాయరు ఫీజు ఎంత అని ఒక ప్రశ్న. చివరికి ఉద్యోగాల కోటాలో ఈబీ1, ఈబీ2 కేటగిరీల గొడవ రాత్రి పన్నెండు దాకా నడిచింది. ఆ దంపతులు నెల తిరక్కుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అక్క సంగతి బయటపడ్డాక మొన్న శనివారం మళ్ళీ అదే వరస మొదలైంది. అందుకే ఈసారి నిర్వాహకులకు విడిగా రాయకుండా అందరికీ కలిపి రాస్తున్నాను. ముందుగా నా సంగతి చెప్పేస్తాను, లేకపోతే "నీకు వచ్చేసిందిలే, నీతులు చెబుతున్నావు" అంటారు. నాకు రాలేదు. నాది ఈబీ2, క్యూలో నా చోటు చెప్పే ప్రయారిటీ డేట్ 2015 ఫిబ్రవరి. 2020 అక్టోబరులో ఈబీ3లో దరఖాస్తు వేసుకోనిచ్చే ఫైలింగ్ డేట్ 2015 జనవరి 1 దాకా వచ్చి ఆగింది. 2022 వేసవిలో ఈబీ2 డేట్ 2014 డిసెంబరు 1 దాకా వచ్చి ఆగింది. రెండుసార్లూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగినవాణ్ణి. మా అమ్మాయికి పదిహేడేళ్ళు. ఇరవై ఒకటి నిండితే నా హెచ్1బి మీద ఆధారపడ్డ తన హెచ్4 వీసా పోతుంది. ఇన్ని ఉన్నా, అక్కకు వచ్చిందంటే నాకు మనసు నిండింది. ఎందుకు నిండిందో కింద వరసగా రాస్తాను.

1. "అదృష్టం" అనే మాట మానుకుందాం.

అక్క 2007లో ఎంఎస్‌కు వచ్చింది, ఏడాది పిల్లాణ్ణి గుడివాడలో అమ్మ దగ్గర వదిలి. 2010 అక్టోబరులో హెచ్1బి. కంపెనీ వాళ్ళు పర్మ్ వేసింది 2013 మార్చిలో. లేబర్ శాఖకు ఆ దరఖాస్తు చేరిన రోజే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మన టోకెన్ నంబరు. ఆ తర్వాత కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ కావడం పెద్ద కష్టం కాలేదు. అక్కణ్ణుంచే అసలు కథ. హెచ్1బి మామూలుగా ఆరేళ్ళు. ఐ-140 చేతిలో ఉండి డేట్ రాకపోతే మూడేళ్ళకోసారి పొడిగిస్తారు. ఆవిడకు అలా 2016లో, 2019లో, 2022లో పొడిగించారు. ఆ గడువు తీరిన ప్రతిసారీ డ్రైవింగ్ లైసెన్సు కూడా దానితోపాటు ముగిసేది. టెక్సాస్ లైసెన్సు మీద "LIMITED TERM" అని అచ్చు పడుతుంది కదా, ఆ కొత్త లైసెన్సు కోసం అప్రూవల్ కాగితం పట్టుకుని పొద్దున్నే డీపీఎస్ ఆఫీసు ముందు నిలబడటం మనలో సగం మందికి తెలిసిందే. బావగారు ఊళ్ళో లెక్కల మాస్టారు. ఇక్కడికి వచ్చాక 2015 మే నెలాఖరులో హెచ్4 వాళ్ళకు పని అనుమతి ఇచ్చేదాకా ఏళ్ళకు ఏళ్ళు ఇంట్లోనే. పిల్లాడి హోంవర్కు, వంట, మన పిల్లలందరికీ ఆదివారం ఉచితంగా లెక్కల క్లాసు. మీ పిల్లలు కూడా ఆ క్లాసులో కూర్చున్నవాళ్ళే.

2021 మే నెలలో వాళ్ళ నాన్నగారు కరోనాతో పోయారు. అప్పటికి ఆవిడ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరింది. ఇండియాలో కాన్సులేట్లు మామూలు అపాయింట్‌మెంట్లు ఆపేశాయి. దానికి తోడు మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా ఆంక్ష పెట్టింది. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఆ ఆంక్ష లేదు. హెచ్1బి వాళ్ళకు ఉంది. వెళితే ఎప్పుడు తిరిగి వస్తామో తెలియదు, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు, ఇక్కడ తొమ్మిదో క్లాసు పిల్లాడు. అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసింది. ఫోను పట్టుకున్న కుర్రాడి చేయి వణికి, చాలాసేపు ఆకాశం, కరెంటు తీగలు తప్ప ఏమీ కనపడలేదట. ఈ ముక్క ఆవిడ నాతో ఒకేసారి చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు. గ్రీన్‌కార్డు ఉంటే ఆ వారం విమానం ఎక్కేది. దీన్ని పట్టుకుని మనం "లక్కు" అంటున్నాం.

2. ఆవిడకు వచ్చిన నంబరు మనది కాదు.

"మనకంటే ముందు ఎలా వచ్చింది" అని శనివారం ఒకరు అడిగారు. కోపం లేకుండా లెక్క చెబుతాను. ఉద్యోగాల కోటాలో ఏడాదికి మామూలుగా 1,40,000 గ్రీన్‌కార్డులు. అందులో ఈబీ2 వాటా 28.6 శాతం, అంటే 40 వేల చిల్లర. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. ఆ లెక్కన ఇండియా ఈబీ2కి సుమారు 2,800. ఈ 2,800లో భార్య, భర్త, పిల్లలు అందరూ కలిసే లెక్క. ముగ్గురున్న కుటుంబానికి మూడు నంబర్లు పోతాయి. వేరే దేశాల వాళ్ళు, పై కేటగిరీల వాళ్ళు వాడుకోనివి మిగిలితే ఆ పైన కొన్ని దొరుకుతాయి. ఇంతే ధాన్యం. దీన్ని ప్రయారిటీ డేట్ల వరసలో పంచుతారు.

ఇప్పుడు ఆలోచించండి. అక్కది 2013 మార్చి, నాది 2015 ఫిబ్రవరి. క్యూలో ఆవిడ నాకంటే ముందుంది. ముందున్న మనిషి లోపలికి వెళితేనే నేను ఒక అడుగు వేసేది. ఆ ముగ్గురి పేర్లు ఇక నా ముందు లేవు. ఈర్ష్య సంగతి అటుంచితే, స్వార్థంగా చూసినా నేను సంతోషించాల్సిన వార్తే ఇది.

ఎవరిమీదైనా అలగాలంటే ఆ 7 శాతం మీద అలగండి. కోట్ల జనాభా ఉన్న దేశానికీ, మన జిల్లా అంత లేని దేశానికీ ఒకే పరిమితి. దాని గురించి మన కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఉత్తరం రాద్దామని 2023లో అన్నాను, నాలుగు సంతకాలు వచ్చాయి. అందులో ఒకటి అక్కది. ఆ రోజు సంతకం చేయకుండా గ్రూపులో బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నవాళ్ళు ఇవాళ అక్కను లెక్క అడుగుతున్నారు. సరే, అది వేరే లేఖకు వదిలేస్తాను.

3. ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలిస్తే ఎవరూ "ఈజీగా వచ్చింది" అనరు.

దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మనలో ఫైల్ చేయబోయేవాళ్ళకు కూడా పనికొస్తుంది. కరోనా ఏడాదిలో కాన్సులేట్లు మూతపడి కుటుంబ కోటా నంబర్లు వాడుకోలేకపోయారు. చట్టం ప్రకారం అవి మరుసటి ఏడాది ఉద్యోగాల కోటాకు వచ్చాయి. 2022 ఆర్థిక సంవత్సరంలో 1,40,000కు బదులు 2,81,000 దాటాయి. అందుకే డేట్లు పరుగు పెట్టాయి. అక్క 2022 ఏప్రిల్‌లో గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 వేసింది. దానితో ఇవ్వాల్సిన మెడికల్ పరీక్ష ఫారం తర్వాత అడిగినప్పుడు ఇద్దాం అన్నారు లాయరు. అప్పట్లో చాలామంది అలాగే చేశారు, తప్పు అనలేం.

ఆగస్టు మొదట్లో మెడికల్ పంపమని ఉత్తరం వచ్చింది. అప్పుడు మొదలైంది పరుగు. సివిల్ సర్జన్ అంటే ఏ డాక్టరైనా కాదు, ఇమిగ్రేషన్ వాళ్ళు గుర్తించిన డాక్టరే కావాలి. ఊళ్ళో ఉన్న కొద్దిమంది దగ్గరా రెండు మూడు వారాల దాకా ఖాళీ లేదు. చివరికి రెండు గంటలు డ్రైవ్ చేసి వేరే ఊళ్ళో చేయించుకున్నారు. అక్కడ బావగారి చిన్నప్పటి టీకాల కాగితాలు అడిగారు. గుడివాడ మున్సిపల్ ఆసుపత్రిలో 1970ల్లో వేసిన టీకాకు కాగితం ఎవరిస్తారు? కొన్ని మళ్ళీ పొడిపించుకున్నారు, ఆటలమ్మకు రక్తపరీక్ష చేయించారు. టీబీ రక్తపరీక్ష ఫలితానికి ఇంకో నాలుగు రోజులు. ఆ ఫారం డాక్టరు సీలు వేసిన కవర్లో ఇస్తారు, మనం విప్పకూడదు. కవరు మీద టేపు ఒక మూల లేచిందని అక్క వెనక్కి వెళ్ళి మళ్ళీ అంటింపించుకుంది. జవాబు వాళ్ళకు చేరింది ఆగస్టు 29న.

సెప్టెంబరు 6న విదేశాంగ శాఖ ప్రకటించింది, ఆ ఏడాది ఈబీ2 నంబర్లు అయిపోయాయని. వారం తేడా. అక్టోబరు వీసా బులెటిన్‌లో ఇండియా ఈబీ2 డేట్ 2014 డిసెంబరు నుంచి 2012 ఏప్రిల్‌కు వెనక్కి పోయింది. డిసెంబరులో ఇంకా వెనక్కి, 2011 అక్టోబరు 8కి. అక్కది 2013 మార్చి. అప్రూవ్ చేయడానికి అంతా సిద్ధంగా ఉన్న ఫైలు, నంబరు లేక మూడేళ్ళు బీరువాలో కూర్చుంది. ఆ మెడికల్‌కు రెండేళ్ళే ఆయుష్షు, కాబట్టి 2025లో మళ్ళీ మొత్తం చేయించుకున్నారు. డేట్ అడుగులో అడుగు వేసుకుంటూ 2025 అక్టోబరులో 2013 ఏప్రిల్ 1కి వచ్చింది. దానికి కొన్ని రోజులే ముందున్న అక్క డేట్ దాని కిందికి వచ్చింది.

ఈ మూడేళ్ళలో ఒక్కటే మేలు జరిగింది. 2022లో డేట్ కరెంట్‌గా, అంటే వాళ్ళ వంతు వచ్చి ఉండగా ఫైల్ చేశారు కాబట్టి పిల్లాడి వయసు ఆ లెక్కలో పదహారు దగ్గర నిలిచిపోయింది, తర్వాత డేట్ వెనక్కి పోయినా అది చెక్కుచెదరదు. ఇప్పుడు వాడికి పంతొమ్మిది. 2022లో ఫైల్ చేయకపోయి, డేట్ ఇంకో రెండేళ్ళు రాకపోయి ఉంటే, తల్లిదండ్రులు ఒక వైపు, వాడు స్టూడెంట్ వీసాతో ఒక వైపు అయ్యేవాళ్ళు. నా కూతురికి ఆ రక్షణ లేదు, మేం ఫైల్ చేయలేకపోయాం కదా. అందుకే ఆ అబ్బాయి బయటపడ్డాడని వినగానే నాకు నా కూతురే ఒడ్డెక్కినంత ఊరట కలిగింది.

4. కార్డు ఫోటో తీసేయండి.

శనివారం ఒకరు ప్రేమతోనే అక్క కార్డు ఫోటో గ్రూపులో పెట్టారు, చుట్టూ పూలు, బెలూన్లు పెట్టి. దాని మీద పేరు, పుట్టిన తేదీ, ఏ-నంబరు స్పష్టంగా కనపడుతున్నాయి. కేటగిరీ దగ్గర ఈ26 అని కూడా. అంటే ఈబీ2లో ఇక్కడే స్టేటస్ మార్చుకున్న అసలు దరఖాస్తుదారు అని అర్థం. ఈ వివరాలు చాలు, ఎవరైనా "ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ కార్డులో సమస్య" అని ఫోన్ చేసి భయపెట్టడానికి. రెండు వందల మంది ఉన్న గ్రూపు ఇది, అందులో మనకు ముఖం తెలియనివాళ్ళు ఎంతమందో. నిర్వాహకులు ఈ రోజే తీసేయాలి. దాచుకున్నవాళ్ళు తమ ఫోన్లలోంచి కూడా తీసేయాలి.

5. సలహా ఇస్తే సరైనది ఇద్దాం.

"ఇంకేంటి, ఆరు నెలలకోసారి వచ్చి మొహం చూపిస్తే చాలు, హాయిగా ఊళ్ళో ఉండొచ్చు" అని ఒక పెద్దాయన రాశారు. దయచేసి ఇది ఎవరూ నమ్మొద్దు. గ్రీన్‌కార్డు అంటే ఇక్కడ కాపురం ఉండటానికి ఇచ్చింది. ఏడాదికి రెండుసార్లు వచ్చిపోయినా, ఇల్లూ వాకిలీ ఇండియాలోనే ఉందని ఎయిర్‌పోర్టు ఆఫీసరుకు అనిపిస్తే కార్డు వదిలేసినట్టే అని వాదించొచ్చు. ఆరు నెలలు దాటి బయట ఉంటే పౌరసత్వం లెక్కకు అడ్డు ప్రశ్నలు వస్తాయి, ఏడాది దాటితే ఆ లెక్క తెగిపోతుంది. ఎక్కువకాలం ఉండాల్సిన పని పడితే రీఎంట్రీ పర్మిట్ ముందే వేయాలి, ఇక్కడ ఉండగానే వేయాలి. అక్క వాళ్ళ అమ్మగారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. ఆవిడ కోసం అక్క ఊళ్ళో కొన్నాళ్ళు ఉండాల్సి రావచ్చు. ఇలాంటి గాలి మాట నమ్మి కార్డు మీదికి తెచ్చుకుంటే, ఆ సలహా ఇచ్చినవాళ్ళు ఆ రోజు కనపడరు.

నిజంగా ఉపయోగపడే చిన్న పనులు నాలుగు ఉన్నాయి, మన దగ్గర ఇప్పటికే కార్డు వచ్చినవాళ్ళు వాళ్ళ పక్కన కూర్చుని చేయించొచ్చు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పని అనుమతి షరతు అచ్చు పడి ఉంటుంది, ఆఫీసుకు వెళ్ళి అది లేని కార్డు తీసుకోవాలి. ఉద్యోగం దగ్గర పని అర్హత చూపే ఐ-9 కాగితం మార్పించాలి. ఇల్లు మారితే పది రోజుల్లో ఏఆర్-11 ద్వారా కొత్త చిరునామా చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు మధ్య మగపిల్లలు గ్రీన్‌కార్డు వచ్చిన ముప్పై రోజుల్లో, సైన్యం అవసరం పడితే పిలవడానికి పేర్లు రాసుకునే సెలెక్టివ్ సర్వీసులో పేరు రాయించుకోవాలి. హెచ్4లో ఉన్నన్నాళ్ళూ దాని అవసరం లేదు కాబట్టి మనలో చాలామందికి ఇది గుర్తుకే రాదు. రేపు వాడి పౌరసత్వం దరఖాస్తులో ఇది అడుగుతారు. అక్కకు ఈ సంగతి తెలియదు, నేను మొన్న చెప్పాను. వాడు అప్పటికప్పుడు సోఫాలో కూర్చుని ఫోన్లో చేసేశాడు, అయిదు నిమిషాలు పట్టలేదు. కాలేజీలో రెండో ఏడు కదా, ఇప్పుడు చదువు ఖర్చుకు ప్రభుత్వ సాయం అడిగే ఫాఫ్సా కూడా వేసుకోవచ్చు. వాడు "అంకుల్, ఫ్రెండ్సందరూ ఫాఫ్సా ఫాఫ్సా అంటుంటే నేను బాత్రూముకు వెళ్ళిపోయేవాణ్ణి" అన్నాడు నవ్వుతూ. నవ్వుతూనే అన్నాడు, కానీ పక్కన వంటింట్లో అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

6. వెయిటింగులో ఉన్నవాళ్ళ మీద జాలి కూడా వద్దు.

శుభాకాంక్షల కింద "మిగతావాళ్ళకి కూడా త్వరలో రావాలని" అని చేర్చడం మంచి ఉద్దేశమే. కానీ ఒక్కొక్కరి పేరూ రాసి "పాపం వీళ్ళకి ఎప్పుడో" అనడం వద్దు. నా పేరు కూడా ఉంది అందులో. నేను పాపం కాదు. నా ఉద్యోగం నాకుంది, ఇల్లు కొన్నాను, మిరప మొక్కలు కాస్తున్నాయి. అక్క పండగలో నన్ను ఏడ్చేవాడి కుర్చీలో కూర్చోబెట్టకండి. అలా చేస్తే ఆవిడ సంతోషపడటానికి కూడా జంకుతుంది. ఆ పదహారు రోజులు దాచుకుంది అందుకే కదా.

ఇక నేను అడిగేవి. కార్డు ఫోటో ఈ రాత్రికి పోవాలి. శుభవార్త కింద వారం రోజుల పాటు అభినందన తప్ప డేట్లు, కేటగిరీలు, లాయర్ల ప్రశ్నలు వద్దు. తెలుసుకోవాలనుకునేవాళ్ళ కోసం నెలకో శనివారం ఎవరింట్లోనైనా కూర్చుందాం, మా ఇల్లు సిద్ధం, టీ నాది. అక్క కూడా వస్తానంది, తన నీలం ఫైలు పట్టుకుని. 2013 నుంచి ప్రతి కాగితం, ప్రతి రసీదు అందులో ఉంది. పోయిన ఏడాది గ్రూపు వదిలి వెళ్ళిన దంపతులకు నిర్వాహకులు స్వయంగా ఫోన్ చేసి కార్తీక వనభోజనాలకు పిలవాలి. నాతో కూడా రండి అంటే నేనూ వెళతాను, నా తప్పూ ఉంది కాబట్టి.

చివరిది, శనివారం నాటి గోల మీద గ్రూపు తరఫున అక్కకు ఒక సందేశం వెళ్ళాలి. నేను రాసిపెట్టాను. మార్పులుంటే గురువారం లోపు చెప్పండి, లేకపోతే శుక్రవారం రాత్రి నిర్వాహకుల పేరుతో ఇదే పంపాలి:

"అక్కా, బావగారూ, బాబూ,

మీకు గ్రీన్‌కార్డు వచ్చిందని తెలిసి మా ఇళ్ళలో దీపావళి మళ్ళీ వచ్చినట్టుంది. ఆలస్యంగా తెలిసింది, అందులో మా తప్పే ఎక్కువ. మన్నించండి.

ఈ కాలనీకి కొత్తగా వచ్చిన ప్రతి ఇంటి తలుపూ మొదట తట్టింది మీరే, చేతిలో పులిహోర గిన్నెతో. మా ఐ-140 కాగితాలు మీ వంటింటి బల్ల మీద సర్దుకున్నాం. మా పిల్లల భిన్నాలు, బీజగణితం బావగారి దగ్గర నేర్చుకున్నారు. మీకు వచ్చిన ఈ కార్డు చూసి మాలో ఎవరికీ లోటుగా లేదు. మా క్యూలో మా ముందు నడిచిన అక్క లోపలికి అడుగుపెట్టింది అన్నంత ధైర్యంగా ఉంది.

ఇక స్టాంపింగ్ టెన్షన్ లేకుండా వెంటనే టికెట్ కొనుక్కుని అమ్మగారి దగ్గరికి వెళ్ళిరండి. నాన్నగారి ఫోటో ముందు మా అందరి తరఫునా ఒక దీపం పెట్టండి. మీరు లేని మూడు వారాలూ మొక్కలకు నీళ్ళు, పోస్టు డబ్బా, బాబుకు రాత్రి భోజనం మా బాధ్యత. వంతులు వేసేసుకున్నాం.

ఆదివారం వనభోజనాలకు పదకొండింటికి రండి. పులిహోర మీరు తేవద్దు. ఈసారి మేం తెస్తున్నాం, ఉప్పు తక్కువైతే ఊరుకోండి."

ఇట్లు,
మీలో ఒకడు,
2015 ఫిబ్రవరి డేట్ వాణ్ణి